db2 అనుకుని db1

మంగళవారం. పెద్దగా పనేమీ లేని రోజు. సాయంత్రం, జనం తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైటులో 2017 జనవరి 31న జరిగిన ప్రమాదం నివేదిక ముందు పెట్టుకుని ఒక్కో గంటా మళ్ళీ రాసుకున్నాను. అదీ మంగళవారమే. ఈ కథని అందరూ "ఎవరో `rm -rf` కొట్టాడట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి చెరిపేయడం ఒకటి రెండు సెకన్ల పని. సైటు తిరిగి లేవడానికి పద్దెనిమిది గంటలు ఎందుకు పట్టిందన్నదే అసలు సంగతి.

కింద సమయాలన్నీ యూటీసీలో. అయిదున్నర గంటలు కలిపితే మన గడియారం.

17:20కి ఒక ఇంజనీరు ప్రొడక్షన్ డేటాబేస్‌ని ఎల్వీఎం స్నాప్‌షాట్ తీసి, పరీక్షల కోసం ఉంచే స్టేజింగ్ యంత్రంలోకి ఎక్కించారు. బ్యాకప్ కోసం కాదు, పీజీపూల్ అనే సాధనాన్ని పరీక్షించడానికి కొత్త డేటా కావాలని. మామూలుగా ఆ స్నాప్‌షాట్ 24 గంటలకు ఒకసారి తీస్తారు. ఆ రోజు పని పడి మధ్యలో ఒకటి తీశారు, అంతే. ఆ రాత్రి చివరికి కంపెనీని ఒడ్డున పడేసింది అదే.

19:00 ప్రాంతంలో డేటాబేస్ మీద లోడ్ పెరిగింది. కొంత స్పామర్ల వల్ల, కొంత ఒక ఉద్యోగి ఖాతాని పొరపాటున చెరపబోయిన బ్యాక్‌గ్రౌండ్ జాబ్ వల్ల. 23:00కల్లా రెప్లికేషన్ ఆగిపోయింది. ప్రైమరీ db1, దాని నకలు db2. మార్పులన్నీ వరసగా రాసుకునే చిట్టాలే వాల్ ఫైళ్ళు. db2కి ఇంకా అందని ఆ ఫైళ్ళను db1 అప్పటికే తీసేసింది. వాటిని వేరే చోట దాచే ఏర్పాటు ఉంటే db2 అక్కణ్ణించి తెచ్చుకునేది. లేదు. కాబట్టి db2ని మొదటి నుంచి మళ్ళీ కట్టాలి: దాని డేటా డైరెక్టరీ ఖాళీ చేసి, ప్రైమరీ నుంచి డేటా మొత్తాన్ని కాపీ చేసే పోస్ట్‌గ్రెస్ సాధనం `pg_basebackup` నడపాలి.

అంటే చెరిపేయడం తిక్కతో చేసిన పని కాదు, ఆ పద్ధతిలో ఉన్న మెట్టే. డైరెక్టరీలో ఏదైనా ఉంటే `pg_basebackup` మొదలే అవదు. ముందు అది `max_wal_senders` చాలదని ఫిర్యాదు చేసింది, పెంచారు. తర్వాత `max_connections` 8000 ఉంటే పోస్ట్‌గ్రెస్ లేవనంది, 2000కి తగ్గించారు. ఆ పైన `pg_basebackup` ఏమీ చెప్పకుండా అలా నిలబడిపోయింది. `strace` పెట్టినా పనికొచ్చేదేమీ కనబడలేదు.

నిజానికి అది చెడిపోలేదు. ప్రైమరీ డేటా పంపడం మొదలుపెట్టే దాకా అది నోరు మెదపకుండా ఎదురు చూస్తుంది. మామూలుగా ప్రైమరీ, మెమరీలోని మార్పులను డిస్కుకి రాసే చెక్‌పాయింట్‌ని నిదానంగా పూర్తి చేస్తుంది, అందుకు చాలా నిమిషాలు పట్టొచ్చు. ఈ సంగతి వాళ్ళ రన్‌బుక్‌లో లేదు. ఇలా నడిపితే ఆ ఎదురుచూపు చాలావరకు తగ్గుతుంది:

```
pg_basebackup -h db1 -D data --checkpoint=fast --progress --verbose
```

23:30. మన దగ్గర తెల్లవారి 5. అక్కడ పొద్దుపోయింది, ఇక ఆపేద్దామనుకున్న మనిషి ఈ గొడవ వల్ల ఆగిపోయారు. ఇంతకు ముందు ప్రయత్నంలో ఏవో ఫైళ్ళు మిగిలి ఉంటాయి, అందుకే ఆగుతోందని అనుకుని డేటా డైరెక్టరీని చెరిపేశారు. ఒకటి రెండు సెకన్లలో తట్టింది: తానున్నది db2లో కాదు, db1లో. ఆపేలోపు సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రం మిగిలింది.

ఇక బ్యాకప్‌లు. రోజుకోసారి `pg_dump` తీసి అమెజాన్ నిల్వ సేవ ఎస్3లో పెట్టాలి. చూస్తే బకెట్ ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6. కానీ డంప్ తీసే సర్వర్లో డేటా డైరెక్టరీ ఉండదు కాబట్టి, వెర్షన్ తెలియక స్క్రిప్టు 9.2 సాధనాన్ని ఎంచుకుంది. పాత `pg_dump` కొత్త సర్వర్ని ముట్టుకోదు, తప్పు చూపి ఆగిపోతుంది. ఆ తప్పు క్రాన్ ద్వారా మెయిల్‌గా వెళ్ళాలి. పంపినవారు నిజమో కాదో తేల్చే డీమార్క్ ఏర్పాటు లేదని ఆ మెయిళ్ళను అవతలి సర్వర్ తిప్పికొట్టింది. అంటే ప్రతిరోజూ బ్యాకప్ విఫలమవుతోంది, ప్రతిరోజూ ఆ కబురూ విఫలమవుతోంది. ఎజూర్ డిస్క్ స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకు ఉన్నాయి, డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు, వేరే బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని. రెప్లికా అంటారా, దాన్ని కట్టబోయే కదా ఇంత జరిగింది.

మిగిలింది 17:20 స్నాప్‌షాట్, అదీ స్టేజింగ్ యంత్రంలో. ఆ యంత్రం డిస్కులు చవకవి, సెకనుకి 60 మెగాబిట్లు దాటవు. లెక్క వేస్తే, 300 జీబీ అంటే 24 లక్షల మెగాబిట్లు. 60తో భాగిస్తే 40,000 సెకన్లు, సుమారు 11 గంటలు. ఇది కాగితం మీది మాట, నిజంగా 18 దాకా పట్టింది. బ్యాకప్ ఉందా అన్న ప్రశ్నతో పాటు అది ఏ డిస్కు మీద ఉందో కూడా అడగాలని ఈ భాగహారం దగ్గరే నాకు అనిపిస్తుంది. పైగా స్టేజింగ్‌లోకి ఎక్కించేటప్పుడు వెబ్‌హుక్‌లు తీసేస్తారు, అక్కణ్ణించి బయటికి కబుర్లు పోకూడదని. వాటిని విడిగా తెచ్చి అతికించాల్సి వచ్చింది.

మర్నాడు 18:00కి సైటు నిలబడింది. 17:20 నుంచి అర్ధరాత్రి దాకా డేటాబేస్‌లో చేరినవి పోయాయి: సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు. గిట్ రిపాజిటరీలు వేరే సర్వర్లలో ఉండేవి కాబట్టి కోడ్ పోలేదు.

తర్వాత చేసిన మార్పుల్లో ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు కొట్టొచ్చినట్టు కనబడేలా చేయడం ఒకటి. మంచిదే గానీ, అర్ధరాత్రి కళ్ళు ప్రాంప్ట్‌ని చూడవు, అవి చూడాలనుకున్నదే చూస్తాయి. నేనైతే చెరిపే మెట్టునే తీసేస్తాను:

```
test "$(hostname -s)" = db2 && mv data data.old
```

పేరు కలవకపోతే ఏమీ జరగదు. కలిసినా పేరు మార్పే. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో 300 జీబీ అయినా క్షణంలో అవుతుంది, వెనక్కి తిప్పడమూ అంతే. దీనికి ఒక చిక్కుంది: పాతదీ కొత్తదీ రెండూ పట్టేంత డిస్కు ఉండాలి. లేకపోతే అదే మనిషి, అదే వేళకి, చోటు కోసం మళ్ళీ `rm` దగ్గరికే వస్తాడు.

బ్యాకప్ విషయంలో విఫలమైతే మెయిల్ పంపే పద్ధతిని నమ్మను. బకెట్‌లో తాజా ఫైలు వయసు 26 గంటలు దాటినా, నిన్నటి కంటే సైజు బాగా పడిపోయినా, బయటి నుంచి చూసే ఇంకో యంత్రం అలారం కొట్టాలి. అప్పుడు మౌనమే తప్పుగా లెక్కకొస్తుంది. వారానికోసారి ఆ ఫైలుని ఖాళీ యంత్రంలోకి ఎక్కించి, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టాలి. ఆ అంకె ముందే ఉండి ఉంటే 18 గంటలన్నది ఆ రాత్రి కొత్త వార్త అయ్యేది కాదు.

నివేదికలో నాకు నచ్చిన చిన్న ముక్క ఒకటి. సైటు తెరిచే ముందు పట్టికల ఐడీ సీక్వెన్సులన్నిటినీ ఒక లక్ష ముందుకు జరిపారు. పోయిన ఆరున్నర గంటల్లో ఇచ్చిన నంబర్లు అప్పటికే జనం మెయిళ్ళలోనూ బయటి సైట్లలోనూ తిరుగుతున్నాయి. వాటినే కొత్త వరసలకు మళ్ళీ ఇచ్చి ఉంటే, ఒకరి పాత నంబరు వెంట వెళ్తే ఇంకొకరి డేటా తగిలేది.