నల్లరాయి, ఎర్రగీత

"సార్, నల్లగ మెరుస్తుంది, మాగ్నటైటే." ఇయ్యాల హన్మకొండల ప్రాక్టికల్ టేబుల్ దగ్గర నలుగురు పోరలు రికార్డుల ఇదే రాసిండ్రు. ఆ రాయిని తెల్లటి పింగాణి ప్లేటు మీద గీస్తే ఇటుకపొడి లెక్క ఎర్రటి గీత పడ్డది. అది హెమటైట్ అనే ఇనుపరాయి. మాగ్నటైట్ గూడ ఇనుపరాయే, కని అదైతే గీత గూడ నల్లగనే పడాలె.

బయ్యారం ఇనుపరాయి అనంగనే అందరికి ఎర్రమట్టి రంగే యాదికొస్తది. కని హెమటైట్‌ల స్ఫటికాలు పెద్దగ ఉంటే పైన ఉక్కులెక్క నల్లగ మెరుస్తది. పొడి చేస్తేనే దాని అసలు ఎరుపు బయటపడ్తది. పైరంగు కన్న గీతరంగును నమ్మేది అందుకే.

గీసేటప్పుడు తప్పులైతయి. నున్నటి పింగాణి దిక్కు గీస్తే పొడి రాలదు, గరుకు దిక్కే గీయాలె. ప్లేటు లేకుంటే టైల్ ఎనుక భాగం తెల్లగుంటే సాలు. తుప్పు పట్టిన మొఖం కాదు, కొత్తగ పగిలిన అంచు పెట్టాలె. లేకుంటే మాగ్నటైట్ గూడ తుప్పు గోధుమరంగే చూపి మోసం చేస్తది. గీత మరీ మందంగ పడితే ముదురుగ కనబడ్తది, వేలితోని జర పలుచగ రుద్ది చూడాలె.

క్వార్ట్జ్‌తోని ఒకడు బాగ కష్టపడ్డడు. తెల్లటి పొడి వచ్చిందని "స్ట్రీక్: తెలుపు" అని రాసిండు. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద ప్లేటుది 7కు జర తక్కువ, క్వార్ట్జ్‌ది 7. ఆ పొడి ప్లేటుదే! తుడిచి చూస్తే ప్లేటు మీద గాటు దొరికింది.