క్వాలిస్ వెనుక కుడి డ్రమ్ము: మెట్టు దాటించడానికి పట్టిన శ్రమ

కుడి వెనుక డ్రమ్ము ఎట్టకేలకు ఊడింది. ముందు కాలిపర్ల పని ఏ ఇబ్బందీ లేకుండా పూర్తయింది, మాస్టర్ సిలిండర్ కిట్టు వేశాను, అది పట్టు నిలుపుతోంది. ఈ విడత రాయవలసినదంతా ఆ ఒక్క డ్రమ్ము గురించే.

బండి 2004 నాటి డీజిల్ క్వాలిస్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో చక్రాలు మునిగేంత నీటిలో నిలిచి, ఆ తరువాత చాలా కాలం కదలకుండా ఉండిపోయింది. బ్రేకు షూ డ్రమ్ములో తాను తాకే పట్టీని మాత్రమే అరగదీస్తుంది. బ్యాక్ ప్లేటు వైపున, అంటే డ్రమ్ము నోటి దగ్గర, షూ తాకని నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు అంచు ఎప్పటిలాగే మిగిలిపోయి మెట్టులా నిలుస్తుంది. రోజూ తిరిగే బండిలోనూ ఈ మెట్టు ఉంటుంది. నీటిలో నిలిచిన బండిలో మాత్రం షూ రాపిడి లేని ఆ అంచు మీద తుప్పు పొరలుగా పేరుకుని మెట్టును మరింత ఎత్తు చేస్తుంది. షూలు అరిగిన కొద్దీ లోపలి అడ్జస్టరు వాటిని బయటికి జరుపుతూనే ఉంటుంది కనుక, షూల చుట్టుకొలత చివరకు డ్రమ్ము నోటి కంటే పెద్దదైపోతుంది. అటువంటి డ్రమ్మును నేరుగా లాగితే అది రాదు.

డ్రమ్ము రాకపోవడానికి మెట్టే కారణమని ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే ఇదే బాధ హబ్బు దగ్గర తుప్పు పట్టినా వస్తుంది, ఆ రెండింటి మందులు వేరు. నేను హ్యాండ్ బ్రేకు దించి, కేబులును అడ్జస్టింగ్ నట్టు దగ్గర పూర్తిగా వదులు చేసి, డ్రమ్మును చేత్తో తిప్పి చూశాను. కొద్దిపాటి గీతల చప్పుడుతో అది తిరిగింది కనుక, షూ డ్రమ్ముకు అతుక్కుపోలేదని తెలిసింది. తరువాత డ్రమ్ము ముఖం మీద ఉన్న రెండు మర రంధ్రాలలో ఎం8 బోల్టులు వేసి, ఒకదాని తరువాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగించాను. హబ్బు పట్టు చిన్న చప్పుడుతో విడిపోయి డ్రమ్ము కాస్త బయటికి వచ్చింది, అక్కడితో రాయిలా ఆగిపోయింది. బోల్టులు వదులు చేయగానే అది మళ్ళీ లోపలికి జరిగింది.

అలా వెనక్కు జరగడమే అసలు ఆనవాలు. హబ్బు తుప్పు వల్ల ఆగిన డ్రమ్ము కదిలితే కదిలినట్టే ఉంటుంది, తనంతట తాను వెనక్కు పోదు. మెట్టు షూ అంచును పట్టుకున్నప్పుడు మాత్రం డ్రమ్ముతో పాటు షూలు కూడా బ్యాక్ ప్లేటు మీద నుంచి లేస్తాయి, వాటిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు నొక్కుకుని, మనం వదలగానే అన్నింటినీ మళ్ళీ లోపలికి లాగేస్తాయి. రెండవ ఆనవాలు సందు తేడా. డ్రమ్ముకూ బ్యాక్ ప్లేటుకూ మధ్య సందు కింది వైపు నాలుగు మిల్లీమీటర్లు తెరుచుకోగా, వీల్ సిలిండర్ ఉన్న పై వైపు రెండున్నర దగ్గరే నిలిచింది. షూలు కింద యాంకరు దగ్గర కదలవు, అడ్జస్టరు వాటి పై కొసలనే విడదీస్తుంది. కనుక మెట్టు పైభాగంలోనే గట్టిగా పట్టుకుంటుంది.

ఇక్కడ బోల్టులను ఇంకా బిగించాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. బిగిస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించాలి. బోల్టు యాక్సిల్ ఫ్లాంజిని నెడుతుంది, డ్రమ్ము షూలను లాగుతుంది, షూలు తమ పిన్నులను లాగుతాయి, ఆ పిన్నుల తలలు బ్యాక్ ప్లేటు రేకును బయటికి వంచుతాయి. రేకు వంగిందంటే, ఆ తరువాత ఎంత మంచి షూలు వేసినా అవి డ్రమ్ముకు వంకరగానే ఆనుతాయి. డ్రమ్ము అంచు మీద సుత్తితో బాదడం నాకు అంతకంటే నచ్చని పద్ధతి. పోత ఇనుము వంగదు, అంచు ముక్కగా లేచిపోతుంది. హబ్బు పట్టు వదిలించడానికి స్టడ్డుల మధ్య ముఖం మీద తట్టడం వేరు సంగతి, దానికి నేను వ్యతిరేకిని కాను.

గ్యాసు మంటతో వేడి చేయమని ఆటోనగర్‌లో ఒకరు సలహా ఇచ్చారు. లెక్క వేసి చూస్తే అది పనికిరాదని తేలింది. పది అంగుళాల పోత ఇనుప డ్రమ్మును నూరు డిగ్రీలు అదనంగా వేడి చేస్తే వ్యాసం సుమారు 0.28 మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే ఒక్కో వైపు 0.14. నా డ్రమ్ములో మెట్టు ఎత్తు, ఊడదీశాక కొలిస్తే, ఒక్కో వైపు 0.7 ఉంది. ఈలోగా వీల్ సిలిండర్ రబ్బర్లు ఉడికిపోతాయి. హబ్బు తుప్పుకు వేడి మంచి మందే, మెట్టుకు కాదు.

కాబట్టి మిగిలిన దారి షూలను లోపలికి తీసుకోవడమే. బ్యాక్ ప్లేటు వెనుక రబ్బరు బిరడా తీస్తే సన్నటి కిటికీ లాంటి రంధ్రంలోంచి అడ్జస్టరు పళ్ళ చక్రం కనబడుతుంది. ఆ పళ్ళకు ఒక చిన్న లివరు ఆనుకుని ఉంటుంది. అది చక్రాన్ని బిగించే వైపుకు మాత్రమే తిరగనిస్తుంది, వదులు వైపుకు తిరగనివ్వదు. ఎటు తిప్పితే వదులో పుస్తకం చూసి బట్టీ పట్టనవసరం లేదు. ఏమీ పట్టుకోకుండానే చక్రం టిక్కు టిక్కుమంటూ హాయిగా తిరుగుతోందంటే మనం షూలను బిగిస్తున్నామని అర్థం, డ్రమ్ము తిప్పి చూస్తే రాపిడి పెరిగినట్టు చేతికి తెలుస్తుంది. వదులు చేయాలంటే లివరును పంటి మీద నుంచి పక్కకు లేపి ఉంచి తిప్పాలి. రంధ్రంలో రెండు స్క్రూడ్రైవర్లకు చోటు చాలక విసిగిపోయి, సైకిలు చువ్వ కొసను ఆకురాయితో కొక్కెంలా చేసి లివరును దానితో లాగి పట్టుకున్నాను. తిప్పడానికి టపారియా సన్న స్క్రూడ్రైవరు వాడాను. దాని మొన ఇప్పటికీ చెక్కు చెదరలేదు. అంతకు ముందు వాడిన చౌక రకం మొన మెలితిరిగిపోయింది, దాని పేరు ఇక్కడ అనవసరం.

అసలు తలనొప్పి ఏమిటంటే చక్రం ఎటూ కదలలేదు. వరద నీరు దాని మరల్లోకి కూడా వెళ్ళింది. తుప్పు వదిలించే నూనెను సన్నని గొట్టంతో మర మీదికి మాత్రమే పడేలా కొట్టి రాత్రంతా వదిలేశాను. షూల లైనింగుకు ఆ నూనె తగిలితే అవి పారవేయవలసినవే, నేను ఎలాగూ మార్చేవాడినే కనుక లెక్కచేయలేదు. షూలను మళ్ళీ వాడదలచినవారు ఈ పని చేయకూడదు. తెల్లవారాక కూడా వదులు వైపు బెసగలేదు. బిగించే వైపు బలం పెడితే ఒక పన్ను కదిలింది, ఆ తరువాత ఒకటి రెండు పళ్ళ మేర ముందుకూ వెనుకకూ ఆడిస్తూ పోగా తుప్పు పొడి రాలి, మర మెల్లగా స్వాధీనమైంది. లివరు ఎత్తకుండా బలవంతంగా వెనక్కు తిప్పితే పళ్ళ కొసలు గుండ్రబడి, ఆ తరువాత దేనికీ పట్టు దొరకదు.

ఇక ఎన్ని పళ్ళు వదులు చేయాలన్నది చాలామంది తేల్చుకోని విషయం. ఎనిమిది పది పళ్ళు తిప్పి, డ్రమ్ము రాలేదని విడిచిపెట్టేవారిని చూశాను. ఊడదీశాక అడ్జస్టరును కడిగి కొలిస్తే మర ఒక చుట్టుకు దాదాపు ఒక మిల్లీమీటరు కదులుతోంది, చక్రానికి సుమారు ఇరవై పళ్ళు ఉన్నాయి. అంటే ఒక్కో పంటికి 0.05 మిల్లీమీటరు, అదీ రెండు షూలకు కలిపి. పది పళ్ళు తిప్పితే ఒక్కో షూ లోపలికి వచ్చేది పావు మిల్లీమీటరే. 0.7 మెట్టు దాటాలంటే ఇరవై ఎనిమిది పళ్ళు కావాలి. మామూలుగా షూకూ డ్రమ్ముకూ ఉండే సందు కొంత కలిసి వచ్చినా, తుప్పు దానిని తినేస్తుంది. నేను ముప్పై పళ్ళు తిప్పి, మధ్య మధ్య డ్రమ్మును చుట్టూ తిప్పుతూ, బోల్టులను చేతి బలంతో మాత్రమే బిగిస్తూ పోయాను. పై వైపు సందు కూడా నెమ్మదిగా కింది దానితో సమానమైంది, ఆ తరువాత డ్రమ్ము రెండు చేతుల్లోకి జారి వచ్చింది. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇంజను మొదటిసారి అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

అన్ని పళ్ళు తిప్పినా రాకపోతే వీల్ సిలిండర్ పిస్టను బయటికి వచ్చిన చోటే పట్టేసి, షూను వెనక్కు రానివ్వడం లేదేమోనని అనుమానించాలి. బ్లీడరు విప్పి ఒత్తిడి వదిలి చూడవచ్చు. చక్రం అసలు తిరగకపోతే చివరి దారి షూ పిన్నులే. వాటి తలలు బ్యాక్ ప్లేటు వెనుక బయటికే కనబడతాయి. చిన్న గ్రైండరుతో ఆ తలలను కోసేస్తే షూలకు ప్లేటు మీద పట్టు పోయి, డ్రమ్ముతో పాటు వంగి బయటికి వస్తాయి. పిన్నులు, స్ప్రింగులు కొత్తవి కొనాలి, సిలిండర్ రబ్బర్లు చిరిగే అవకాశం ఉంది, హ్యాండ్ బ్రేకు కేబులు ఇంకా షూకు తగిలే ఉంటుంది కనుక గుంజి పారేయకూడదు. ఇన్ని ఉన్నా, రేకు వంచుకోవడం కంటే ఇది చాలా నయం.

డ్రమ్మును ఆటోనగర్‌లో లేత్ మేస్త్రికి చూపించాను. గ్రైండరుతో మెట్టు వరకు నేనే అరగదీద్దామా అని అడిగితే, "అంచు ఒక్కటే తీస్తే ఏం లాభం సార్, లోపల కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతోంది, మొత్తం ఒక కోత పెట్టాలి" అని డయల్ గేజి పెట్టి చూపించారు. డ్రమ్ము పోత మీద అచ్చుపడి ఉన్న గరిష్ట వ్యాసానికి ఇంకా అర మిల్లీమీటరు లోపలే ఉంది కనుక ఒక సన్నటి కోతకు చోటుంది. నోటి దగ్గర కొద్దిగా ఏటవాలు కూడా పెట్టమన్నాను. మెట్టు మళ్ళీ పడక మానదు గానీ, దాని అంచు నిలువుగా కాకుండా వాలుగా ఉంటే షూ దాని మీదుగా జారి వస్తుందని నా ఊహ.

వచ్చే ఆదివారం ఎడమ వైపు విప్పుతాను. రెండు డ్రమ్ముల వ్యాసాలు దగ్గరగా ఉండాలి, లేకపోతే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. అందుకే కుడి దానికి కోత ఎంతో ఎడమది కొలిచాకే ఖాయం చేయమని మేస్త్రికి చెప్పాను. షూల విషయంలో కంపెనీవే వేయాలన్నది నా అభిప్రాయం. రివిట్లతో కొత్త లైనింగు అతికించి ఇచ్చే పని గవర్నర్‌పేటలోనూ చేస్తారు గానీ, లైనింగు మందం సమంగా రాకపోతే ఈ శ్రమంతా దండగ. అడ్జస్టరు మరలకు బ్రేకులకు పనికొచ్చే గ్రీజు పలుచగా రాసి, రబ్బరు బిరడాలు రెండూ కొత్తవి వేస్తాను. హ్యాండ్ బ్రేకు కేబులు గొట్టంలో కూడా వరద బురద ఉన్నట్టు అనిపిస్తోంది. లాగితే వస్తోంది కానీ వదిలితే వెనక్కు పోవడం లేదు, కాబట్టి తరువాతి పని అదే.