సర్క్యూట్ బండిని మొరం మీదికి దింపాను: మూడు నెలల నా అనుభవం

నాలుగేళ్లుగా నా 1.6 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడిపాను. హైదరాబాద్ నుంచి ట్రాలీ మీద తీసుకెళ్లి, శని ఆదివారాలు రేస్ చేసి, సోమవారం పొద్దునకల్లా ఆఫీసులో ఉండేవాణ్ణి. పోయిన ఏడాది బావమరిది ర్యాలీ మాటెత్తాడు. పక్క సీట్లో కూర్చుని, రాబోయే మలుపులు ముందే చెప్పే పేస్ నోట్స్ చదవడం నేర్చుకుంటున్నాడు వాడు. "బండి ఉంది కదా బావా, టైర్లు మార్చి దిగుదాం" అన్నాడు. నాకూ అంతే అనిపించింది. ఇంజిన్ అదే, రోల్ కేజ్ అదే, సీటు బెల్టులు అవే. టైర్లు మారిస్తే ఏముంది?

చేవెళ్ల అవతల మా మేనమామకు పొలం ఉంది. దాని పక్కనే కిలోమీటరుకు కొంచెం తక్కువ పొడవున మొరం దారి, ఆయన సొంత భూమిలోదే. ఒక మెలిక, రెండు గుంటలు, నడిమధ్యలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి అలలు అలలుగా లేచిన ఎర్రమట్టి. పరీక్షకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ట్రాక్ మీద నేను వాడేవి 195/50R15 సెమీ స్లిక్‌లు. వాటికి గాడులు దాదాపు ఉండవు. రబ్బరు వేడెక్కి మెత్తబడి తారుకు అంటుకోవాలి, వాటి పట్టంతా అందులోనే ఉంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు 24 పీఎస్ఐ పెట్టి, నాలుగు ల్యాపులయ్యాక 31కి చేరిందా లేదా చూసుకునేవాణ్ణి. మొరం మీద ఆ లెక్క పనికిరాదు. అక్కడ పైన వదులు గులక, కింద గట్టి నేల. టైరు పై పొరను చీల్చుకుని కింది నేలను పట్టుకోవాలి. అందుకే గ్రావెల్ టైరు సన్నగా, ఎత్తుగా, పెద్ద పెద్ద దిమ్మలతో ఉంటుంది. ప్రపంచ ర్యాలీ పోటీల్లోనూ ఇదే తేడా. తారు మీదికి 18 అంగుళాల రిమ్ముతో 235 వెడల్పు టైరు, మట్టి మీదికి 15 అంగుళాల రిమ్ముతో 205 వెడల్పు టైరు. పక్కగోడ ఎత్తుగా ఉంటే రాయి తగిలినప్పుడు రిమ్ముకు దెబ్బ తగలకుండా టైరే మింగుతుంది. నేను 185/65R15 గ్రావెల్ టైర్లు తెచ్చి, 27 పీఎస్ఐ గాలి పెట్టి, చేవెళ్ల బయల్దేరాను.

మొదటి రౌండ్‌లోనే తేడా కనిపించింది. అలల మట్టి మీదికి రాగానే, రెండో గేరులో, ఇంజిన్ ఉన్నట్టుండి ఏడు వేల ఆర్‌పీఎంకు అరిచి మళ్లీ కిందికి పడుతోంది. బండి మాత్రం ముందుకు పోవట్లేదు. క్లచ్ జారుతోందని నమ్మేశాను. ట్రాక్ మీద నాలుగేళ్లు వాడిన క్లచ్ మరి. గేర్‌బాక్స్ దింపించి కొత్త క్లచ్ ప్లేటు వేయించాను. మళ్లీ చేవెళ్ల వెళ్తే మళ్లీ అదే అరుపు.

బాలానగర్‌లో నా బండి చూసే మేస్త్రీని ఆదివారం బతిమాలి పొలానికి తీసుకెళ్లాను. ఆయన బండి ఎక్కలేదు. అలల పక్కన గట్టు మీద గొంతుకూర్చుని, నన్ను నాలుగుసార్లు తిరగమన్నాడు. తర్వాత చేయి ఊపి ఆపాడు.

"క్లచ్ పోలే తమ్మీ. చక్రం గాల్ల తిరుగుతుంది. నాకు నేల కనవడ్తుంది దాని కింద."

ముందు వైపు జాకీ పెట్టి లేపి చూపించాడు. బండి లేస్తుంటే చక్రం కొంచెమే కిందికి దిగి, ఆగిపోయింది. అసలు విషయం అక్కడుంది. ర్యాలీకి దిగాలనుకునే సర్క్యూట్ మనిషి ముందుగా తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

సస్పెన్షన్ అనగానే మనం చక్రం పైకి ఎంత నొక్కుకుంటుందన్నదే చూస్తాం. నిలబడి ఉన్న స్థితి నుంచి కిందికి ఎంత దిగగలదు? దాన్ని డ్రూప్ అంటారు. నా బండిలో ముందు ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోల బరువు పడుతుంది. ట్రాక్ కోసం వేసిన స్ప్రింగు గట్టిదనం 7. అంటే ఒక్క మిల్లీమీటరు నొక్కుకోవాలంటే 7 కిలోల బరువు కావాలి. 300ని 7తో భాగిస్తే 43. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ స్ప్రింగు 43 మిల్లీమీటర్లే నొక్కుకుని ఉంది. చక్రం అంత దిగేసరికి స్ప్రింగులో తోసే బలం అయిపోతుంది. మా షాక్ అబ్జార్బర్ 40 దగ్గరే ఆగిపోయేది. తారు నునుపుగా ఉంటుంది గనక ట్రాక్ మీద ఇది చాలు. బండి కిందికి ఉండి, మలుపులో వంగకుండా ఉండాలంటే గట్టి స్ప్రింగు కావాలి కూడా. కానీ మొరం మీద 80 మిల్లీమీటర్ల గుంట వస్తే చక్రం దాని అడుగును చేరలేదు.

గాల్లో ఉన్న చక్రం ఇంజిన్ బలాన్ని నేలకు ఇవ్వదు. నా బండిలో పలకల లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది కదా, అది రెండో చక్రానికి బలం పంపాలి కదా అని అడిగాను. దాన్ని ట్రాక్ కోసం తక్కువ ప్రీలోడ్‌తో, అంటే పలకలను ముందే నొక్కి ఉంచే బలం తక్కువ పెట్టి, బిగించాం, ఎక్కువ పెడితే మలుపులోకి ముక్కు తిరగదని. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే పలకలను నొక్కడానికి ఆ ప్రీలోడ్ తప్ప ఇంకేమీ మిగలదు. అందుకే బలమంతా గాల్లో చక్రం తిప్పడానికే పోయింది, ఇంజిన్ అరిచింది. క్లచ్ జారితే వాసన వస్తుంది, నునుపు రోడ్డు మీద ఎక్కుడులోనూ జారుతుంది. నాకు అరుపు ఎగుడుదిగుళ్ల మీద మాత్రమే వచ్చేది. ఆ తేడా గమనించి ఉంటే ఒక క్లచ్ డబ్బులు మిగిలేవి.

స్ప్రింగు 4కి తగ్గించాం. ఇప్పుడు 300ని 4తో భాగిస్తే 75, స్ప్రింగు తనంత తానుగా చక్రాన్ని 75 మిల్లీమీటర్లు కిందికి తోస్తుంది. దానికి తగ్గ పొడవైన షాక్‌లు, బయట నూనె డబ్బా ఉన్నవి, వేయించాను. మొరం మీద షాక్ ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది. దాని లోపల కదలికంతా వేడిగా మారుతుంది. నూనె ఎక్కువుంటేనే పలచబడకుండా తట్టుకుంటుంది. ట్రాక్ మీద 110 మిల్లీమీటర్లున్న నేల ఎత్తు 190కి పోయింది, కింద ఇంజిన్ అడుగుకు రాళ్లు తగలకుండా మందపాటి సంప్ గార్డ్ పడింది.

బండి ఎత్తితే ఇంకేవేవి మారతాయో మేస్త్రీ చూపించేదాకా నాకు తట్టలేదు. చక్రం పూర్తిగా కిందికి వేలాడదీసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశాడు. బ్రేకు పైపు తీగలా బిగుసుకుంది. ఆ చివర డ్రైవ్ షాఫ్ట్ కీలు కూడా పట్టేస్తోంది. పైపు పొడవుది వేయించాం. కీలు కోసం షాక్ లోపల చిన్న అడ్డు పెట్టి, డ్రూప్‌ని 70 దగ్గర ఆపాం. ఆ 5 మిల్లీమీటర్లు వదులుకోక తప్పలేదు. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం కూడా ట్రాక్ మీద మైనస్ 3 డిగ్రీలుండేది, మైనస్ 1కి తెచ్చాం. మట్టి మీద బ్రేకు కొట్టేటప్పుడు టైరు వెడల్పంతా నేలను తవ్వాలి. మొదటి రోజు టైర్లు చూస్తే లోపలి అంచు దిమ్మలే అరిగి ఉన్నాయి, బయటివి కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి.

అరుపు పోయింది. కానీ ఇంకో గోల మొదలైంది. అలల మట్టి మీద మొదటి మూడు అలలు హాయిగా దాటేది, నాలుగో ఐదో అల దగ్గర సంప్ గార్డ్ ధనేల్‌మని నేలకు తగిలేది. స్ప్రింగు మరీ మెత్తనైందేమో అనుకున్నాను. మెత్తనైతే మొదటి పెద్ద గుంటలోనే తగలాలి కదా అన్నాడు మేస్త్రీ. షాక్ రాడ్డుకు ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించాడు. చక్రం ఎంత పైకి వెళ్తే దాన్ని అంత దూరం నెట్టి అక్కడే వదిలేస్తుంది. ఒక్క గుంట దాటించి ఆపితే ఇంకా బోలెడు జాగా ఉంది. అలల వరసంతా దాటిస్తే జిప్ టై చివరిదాకా పోయింది. షాక్ రీబౌండ్, అంటే నొక్కుకున్న చక్రం తిరిగి దిగేటప్పుడు షాక్ పట్టే పట్టు, మరీ బిగుతుగా ఉందన్నమాట. చక్రం ఒక అలకు నొక్కుకుని, తిరిగి కిందికి దిగేలోపే రెండో అల వచ్చేస్తోంది. ప్రతి అలకూ బండి ఇంకొంచెం కుంగుతోంది. అది నేను పెట్టుకున్న సెట్టింగే. ట్రాక్ మీద బండి ఊగకూడదని రీబౌండ్ బిగించే అలవాటు చేతికి పట్టేసింది. నాలుగు క్లిక్కులు వదులు చేస్తే చప్పుడు ఆగింది.

ఇక గేర్లు. ట్రాక్ మీద ఒకటో గేరు స్టార్ట్‌కు తప్ప వాడను. మిగతా గేర్ల లెక్కంతా పొడవాటి స్ట్రెయిట్ చివర ఎంత వేగం వస్తుందన్నదాన్ని బట్టి. ర్యాలీలో మెలిక దగ్గర 30కి పడిపోయి మళ్లీ లేవాలి. అందుకు గేర్లు పొట్టిగా కావాలి. నేను గమనించనిది ఏమిటంటే, కొత్త టైర్లు వాటిని ఇంకా పొడుగు చేశాయి. పాత టైరు ఒక్క చుట్టుకు 1.81 మీటర్లు పోతే, గ్రావెల్ టైరు 1.95 మీటర్లు పోతుంది. నా రెండో గేరు నిష్పత్తి 1.95, దాని తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేరు జత, ఫైనల్ డ్రైవ్, నిష్పత్తి 4.2. ఇంజిన్ 6500 దగ్గర పాత టైరుతో గంటకు 86 కిలోమీటర్లు వచ్చేది, కొత్త టైరుతో 93 అయింది. మెలిక దాటాక రెండో గేరులో ఇంజిన్ గొంతు పట్టుకున్నట్టు లాగేది. ఒకటో గేరులోకి దింపితే సింక్రో గరగరలాడేది.

గేర్లన్నీ మార్చడం నా వల్ల కాదు. ఫైనల్ డ్రైవ్ ఒక్కటి 4.9కి మార్పించాను, అదీ క్లాసు నిబంధనలు ఒప్పుకుంటాయని చూసుకున్నాకే. రెండో గేరు ఇప్పుడు 80 దగ్గర అయిపోతుంది. అయిదో గేరు లెక్కప్రకారం 183 దాకా పోతుంది, మట్టి మీద అంత అవసరం రాదు. గేర్‌బాక్స్ ఎలాగూ తెరిచాం గనక డిఫరెన్షియల్ ప్రీలోడ్ కూడా పెంచించాను. దాంతో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్టీరింగ్ చేతుల్లోంచి లాగుతుంది. రెండు వారాలకు భుజాలు అలవాటు పడ్డాయి.

పోయిన ఆదివారం చేవెళ్లలో వరసగా ఎనిమిది రౌండ్లు తిరిగాం. బావమరిది నోట్స్ చదివాడు, మేస్త్రీ గట్టు మీద కూర్చుని చక్రాల కిందికి చూశాడు. ఆపాక జిప్ టై చూస్తే, రాడ్డు చివరికి ఇంకా 12 మిల్లీమీటర్లు మిగిలింది. ఎడమవైపు కొత్త బ్రేకు పైపు క్లిప్పు మాత్రం ఊడి, పైపు టైరు లోపలి గోడకు రాసుకున్న గీత పడింది. ఈ వారం ఆ పైపు మార్చి, క్లిప్పు కోసం స్ట్రట్‌కు చిన్న బ్రాకెట్ వెల్డింగ్ చేయించాలి.