సింహాచలం ఘాట్‌లో డీజిల్, పెట్రోల్: మూడో ఆదివారం

ఈసారి కూడా తెల్లవారగానే, కొండకి రద్దీ మొదలవకముందే ఎక్కేశాం. నాది పాత 1.3 డీజిల్ స్విఫ్ట్, బావది 1.2 పెట్రోల్ స్విఫ్ట్. బండికి ఇద్దరేసి మనుషులం, ఏసీ ఆఫ్.

మొదటి రౌండ్ ఇద్దరం థర్డ్ గేర్‌లోనే ఉంచి, సుమారు 2000 ఆర్పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాం. నా బండి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు లాగింది. బావది గుర్రుమంటూ మెల్లగా కదిలింది. పైకొచ్చాక బావ అడిగాడు: "నీది 75 హార్స్‌పవరేగా, నాది 84. మరి నేనెందుకు వెనకబడ్డాను రా?"

టార్క్ అంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌ని తిప్పే బలం. పవర్ అంటే ఆ బలంతో నిమిషానికి ఎన్నిసార్లు తిప్పుతోందో కూడా కలిపి చూసే లెక్క. హార్స్‌పవర్‌ని PSలో, టార్క్‌ని Nmలో రాస్తే:

PS = Nm × rpm ÷ 7024

నా ఇంజిన్ 2000 దగ్గరే 190 Nm ఇస్తుంది. మీటరు పొడవున్న స్పానర్ చివర సుమారు 19 కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. లెక్క వేస్తే 54 PS. బావ ఇంజిన్ అత్యధిక టార్క్ సుమారు 115 Nm, అదీ 4000 దగ్గర. 2000లో అంతా ఇచ్చిందనుకున్నా 33 PS దాటదు. ఆ 84 రావాలంటే 6000 వరకు తిప్పాలి.

రెండో రౌండ్‌లో బావ సెకండ్ గేర్ వేసి 4000 పైనే ఉంచాడు. అక్కడ 65 PS పైమాటే. ఈసారి నా వెనకే అంటుకుని వచ్చాడు. కాబట్టి పెట్రోల్‌ది బలహీనత కాదు, తిప్పితేనే ఇస్తుంది.

డీజిల్‌కి కింద అంత బలం ఎక్కువగా, పొగతో తిరిగి గాలిని ఇంజిన్‌లోకి కూరే టర్బో వల్లే. లోపల ముందు గాలి ఒక్కటే నొక్కుకుంటుంది, డీజిల్ చివర్లో పడుతుంది. అందుకే తక్కువ ఆర్పీఎమ్‌లో గాలి దట్టంగా కూరినా, పెట్రోల్‌లో లాగా ఇంధనం తనంతట తానే అంటుకుని కొట్టే నాకింగ్ భయం ఉండదు. ఆ ఒత్తిడికి తగ్గట్టు ఇంజిన్‌ని దిట్టంగా కడతారు. కానీ ఇంధనం గాలితో కలిసి కాలడానికి టైమ్ కావాలి, లోపలి భాగాలూ బరువే, అందుకే పైకి ఎక్కువ తిరగదు. 4000 దాటాక నాది లాగడం మానేస్తుంది.

అసలు చిక్కు హెయిర్‌పిన్ దగ్గర వచ్చింది. థర్డ్‌లోనే తిప్పేసరికి 1300కి పడిపోయింది, పూర్తిగా తొక్కినా స్టీరింగ్ వణికిందే తప్ప బండి కదల్లేదు. ఇంజిన్ రీడింగులు ఫోన్‌లో చూపించే ఓబీడీ యాప్‌లో మానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, చూస్తే 104 kPa, దాదాపు బయటి గాలి ఒత్తిడే. టర్బో తిరగడానికి సరిపడా పొగ లేదన్నమాట. 2000 దగ్గర అదే అంకె 200 చుట్టూ ఉంది. "కింద బలం" అనేది నా బండిలో సుమారు 1700 తర్వాతి మాట. తర్వాతి రౌండ్‌లో మలుపుకి ముందే సెకండ్ వేశాను, 2000 తగ్గలేదు, వణుకూ రాలేదు.

వచ్చే ఆదివారం వెనక సీట్లో మరో ఇద్దర్ని ఎక్కించి, అదే మలుపు సెకండ్‌లో చూస్తాం.