వట్టివేళ్ళ విసనకర్ర, దాని నీడ

మే 26, చూళైమేడు

మనకు రోహిణి కార్తె వచ్చేసింది, ఇక్కడివాళ్ళ అగ్ని నక్షత్రం ఇంకా పోలేదు. పొద్దున ఏడింటికే గోడ మీద చెయ్యి పెట్టలేకపోయాను. మంచినీళ్ళ కుండలో వట్టివేళ్ళ కట్ట ఒకటి వేసి, కంప్యూటరులో ఫొటోషాప్ తెరిచి కూర్చున్నాను. తెర మీదా వట్టివేళ్ళే.

మైలాపూరులో చేతిపనుల దుకాణం నడిపే ఆవిడ కేటలాగు వేయిస్తున్నారు. అందులోని ఫోటోల్లో వెనక భాగం తీసేసి, వస్తువును విడిగా ఇచ్చే పని నాది. ఒంగోలు వైపు మనిషి, చెన్నై వచ్చి చాలా ఏళ్ళయింది. ఇత్తడి కుందులు, చెక్క గరిటెలు, రాతి చట్టి నిన్నటికే అయిపోయాయి. వాటి అంచులు గట్టివి. పెన్ టూల్‌తో చుట్టూ గీత గీసి, వెనకున్న కాగితాన్ని తీసేస్తే చాలు. ఇవాళంతా విసనకర్రకే పట్టింది. ఆ ఫోటోను ఆవిడ ఇంతకు ముందు ఇంకోచోట కట్ చేయించారు. వాళ్ళు దాన్ని కూడా పెన్ టూల్‌తోనే, కత్తెరతో కోసినట్టు గుండ్రంగా తీసిచ్చారు. నీడ లేనే లేదు. "ఇది అట్టముక్కలా ఉందమ్మా, నీళ్ళు చల్లితే వాసనొచ్చేట్టు లేదు" అన్నారావిడ నాతో. ఆ ఒక్క మాటతో ఏం చెయ్యాలో నాకు అర్థమైంది.

ఈ విసనకర్ర అంచుకు గుడ్డ కుట్టలేదు. వేళ్ళ కొసలు చుట్టూ పీచుపీచుగా బయటికే ఉన్నాయి. లేత బూడిదరంగు కాగితం మీద పడుకోబెట్టి, ఎడమవైపు వెలుతురుకు సాఫ్ట్‌బాక్స్ పెట్టి తీశారు. కుడివైపు మెత్తటి నీడ పడింది. చిక్కంతా ఆ నీడలోనే ఉంది.

పిడి వరకు నాకు ఇబ్బంది లేదు. నున్నటి వెదురు కాబట్టి దానికి పెన్ టూలే సరైనది. వంపు తిరిగేచోట మాత్రమే చుక్కలు పెట్టి, గీతను అంచుకు ఒక పిక్సెల్ లోపలగా నడిపాను. సెలెక్షన్‌గా మార్చేటప్పుడు అంచును మెత్తబరిచే ఫెదర్ 0.5 ఇచ్చాను. అసలు ఇవ్వకపోతే అంచు బ్లేడుతో కోసినట్టుంటుంది, రెండు ఇస్తే పొగలా ఉంటుంది.

పీచుకు మాత్రం గీత పనికిరాదు. ఛానెళ్ళలోంచి, అంటే ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడి బొమ్మల్లోంచి, మాస్క్ తయారుచెయ్యాలి. మాస్క్‌లో తెల్లగా ఉన్నచోట వస్తువు కనబడుతుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది. అలవాటు కొద్దీ నీలం ఛానెల్ చూశాను, ఎందుకంటే గోధుమరంగు నీలాన్ని మింగేస్తుంది, పీచు అక్కడ బాగా నల్లగా కనబడుతుంది. ఎడమవైపు అంచు అద్దంలా తేలింది. కుడివైపు చూస్తే నీడ కూడా పీచంత నల్లగానే ఉంది. నలుపు తెలుపులను సర్దే Levels ఎటు జరిపినా రెండూ కలిసే వస్తాయి, లేదంటే కలిసే పోతాయి. వెలుగు చీకట్లను బట్టి వేరుచేసే ఏ పద్ధతికైనా ఇక్కడ అదే గతి. పీచు ముదురు, నీడ ముదురు.

కాస్త ఆగి, ఇన్ఫో ప్యానెల్ తెరిచి, మూడు చోట్ల రంగుల అంకెలు చూశాను. సున్నా అంటే చీకటి, 255 అంటే పూర్తి వెలుగు. కాగితం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఇంచుమించు 214. నీడలో మూడూ 90 దగ్గర. పీచు మీద ఎరుపు 168, ఆకుపచ్చ 128, నీలం 84. కాగితానికి రంగు లేదు. నీడంటే అదే కాగితం మీద వెలుతురు తగ్గడం, అంతే, కాబట్టి దానికీ రంగు లేదు. రంగున్నది వేళ్ళకే. ఎరుపులోంచి నీలాన్ని తీసేస్తే కాగితం దగ్గర సున్నా, నీడ దగ్గరా సున్నా, పీచు దగ్గర 84 మిగులుతుంది.

ఇమేజ్ మెనూలోని Calculations తెరిచి, ఒక సోర్సు Blue, ఇంకొకటి Red, బ్లెండింగ్ Subtract పెట్టి కొత్త ఛానెల్‌గా తీసుకున్నాను. రెండు సోర్సులూ అటూ ఇటూ అయితే అంతా నల్లగా వస్తుంది, మార్చి పెట్టుకోవాలి. సరిగ్గా పెట్టగానే నీడ మొత్తం మాయమై, నల్లటి చీకట్లో విసనకర్ర ఒక్కటే బూడిదరంగులో వెలిగింది. ఎన్నిసార్లు చేసినా ఈ క్షణంలో నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

దగ్గరికి జరిపి చూస్తే అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి. పీచు చుట్టూ చిన్నచిన్న చదరాలు. తప్పు నా లెక్కది కాదు, ఫైలుది. నాకు వచ్చింది జేపెగ్. జేపెగ్‌లో వెలుగు వివరం పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని చాలాసార్లు సగం కొలతకు కుదిస్తారు. మామూలుగా చూస్తే కంటికి తెలియదు. నేను మాస్క్ కట్టేదే రంగుల తేడాతో, అందుకని ఆ లోటంతా నా అంచుకే వచ్చింది. కెమెరాలోని అసలు రా ఫైలు కోసం, ఫోటోలు తీసిన నెల్లూరు కుర్రాడికి ఫోన్ చేశాను.

"తమ్ముడూ, విసనకర్ర రా ఫైలు ఉందా?"

"ఉందక్కా. పెద్దదని పంపలేదు. జేపెగ్ చాలదా?"

"కుందులకు చాలింది. దీనికి చాలదు."

పావుగంటలో డ్రైవ్‌లో పెట్టాడు. కాగితాన్ని చూపి వైట్ బ్యాలెన్స్ సరిచేసి, 16 బిట్‌లో తెరిచాను. ఈ లెక్కకు వైట్ బ్యాలెన్సే పునాది. కాగితం పసుపుగా ఉంటే దాని ఎరుపుకీ నీలానికీ కూడా తేడా వచ్చి, నీడ మళ్ళీ మాస్క్‌లో చేరుతుంది. రా ఫైలు మీద అదే పని మళ్ళీ చేస్తే పీచులు విడివిడిగా, నున్నగా వచ్చాయి. Levels‌లో నలుపు కొసను 12 దగ్గర, తెలుపు కొసను 70 దగ్గర పెట్టాను. నలుపు కొస సున్నా దగ్గరే ఉంచితే పీచు పక్కనే కాగితం మీద పలచని మరక మిగులుతుంది. వేళ్ళ మీద పడిన వెలుతురు గోధుమరంగు పులుముకుని కాగితం మీదికి దూకడం వల్ల వచ్చే మరక అది.

ఈ పద్ధతి పట్టుకోలేని చోట్లూ ఉన్నాయి. విసనకర్ర మధ్యలో వేళ్ళ సందుల్లోని చీకట్లో మూడు రంగులూ తక్కువే కాబట్టి తేడా కూడా తక్కువే. అక్కడ మాస్క్‌లో చిల్లులు పడ్డాయి. లోపలి భాగమంతా తెల్ల బ్రష్‌తో నింపేశాను. కుడివైపు కొసల్లో కొన్ని పీచులు మధ్యలో తెగాయి. వాటిని సన్న బ్రష్‌తో ఒక్కొక్కటిగా కలిపాను, అన్నీ కాదు. అచ్చులో ఈ బొమ్మ వెడల్పు 9 సెంటీమీటర్లు, అంటే 300 డీపీఐ దగ్గర సుమారు 1060 పిక్సెళ్ళు. నా ఫైలులో విసనకర్ర ఒక్కటే నాలుగువేల పైచిలుకు పిక్సెళ్ళ వెడల్పు. నా తెర మీద మూడు పిక్సెళ్ళున్న పీచు అచ్చులో ఒక్క పిక్సెల్ కూడా ఉండదు. అందుకని 25 శాతానికి తగ్గించి చూసి, అక్కడ తెగినట్టు కనబడ్డవే కలిపాను.

మధ్యాహ్నం పెరుగన్నం తిని వచ్చి, వెనక చందనం రంగు వేసి చూశాను. కేటలాగులో ఆ పేజీ రంగు అదే. ప్రతి పీచు చుట్టూ బూడిద గీత కనబడింది. మాస్క్ బాగానే ఉంది. అంచు పిక్సెల్‌లో సగం పీచు, సగం పాత కాగితం కలిసే ఉంటాయి కదా, మాస్క్ ఆ పిక్సెల్‌ను పలచబరుస్తుందే గానీ అందులో కలిసిన బూడిదను కడగదు. దీనికి ఫొటోషాప్‌లో Decontaminate Colors ఉంది. వాడి చూస్తే వెలుతురు వైపు బాగా పనిచేసింది, నీడ వైపు కొన్నిచోట్ల బూడిదనే పీచు రంగనుకుంది. అందుకని చేత్తోనే చేశాను. పైన ఒక లేయర్ క్లిప్ చేసి, లోపలి వేళ్ళ రంగు తీసుకుని, పీచు సాగిన దిక్కులోనే అంచు మీద పూశాను. ఆకారం మాస్క్ చూసుకుంటుంది కాబట్టి పూత కాస్త మొరటుగా ఉన్నా ఫరవాలేదు. అరగంటలో బూడిద గీత పోయింది.

ఇక నీడ. కొత్తగా బ్రష్‌తో వెయ్యడం నాకు నచ్చదు. ఈ పీచు అంచు నీడ కూడా పీచుగానే ఉంటుంది, దాన్ని ఊహించి గియ్యలేను. పైగా పిడి కాగితాన్ని తాకేచోట సన్నగా, నల్లగా ఒక గీత ఉంది. అది పోతే వస్తువు గాల్లో తేలుతుంది. పాత కటౌట్‌లో జరిగింది అదే. ఫోటోను ఇంకో లేయర్‌గా తీసుకుని, రంగు తీసేసి, కాగితం తెల్లబడేదాకా Levels తెలుపు కొసను లోపలికి లాగాను. నీడ మిగిలింది, మధ్యలో విసనకర్ర కూడా మిగిలింది. దాన్ని అలాగే కింద వదిలేస్తే, పైనున్న సగం పారదర్శకమైన పీచుల్లోంచి కింది పీచు కనబడి, అంచంతా రెండింతలు లావుగా అవుతుంది. నేను మొదట్లో ఇది తెలియక చాలా ఫైళ్ళు పాడుచేసుకున్నాను. అందుకని మాస్క్‌ను ఆరు పిక్సెళ్ళు పెంచి, ఆ మేరకు నీడ లేయర్‌లోని పీచును చెరిపి, పక్కనున్న నీడ టోన్‌తో నింపాను. నింపినచోట గ్రెయిన్ ఉండదు, అచ్చులో పట్టీలుగా కనబడొచ్చని కొంచెం నాయిస్ కలిపాను.

ఆ నీడను, కింది రంగుతో కలిసి దాన్ని ముదురు చేసే Multiply‌లో పెట్టి ఇస్తే, పేజీ కట్టే అబ్బాయి దగ్గర అది పేజీ రంగుతో కలవకుండా తెల్లమచ్చగా వచ్చే ప్రమాదం ఉంది. నీడకు రంగు లేదు కాబట్టి వేరే దారి ఉంది. లేయర్ మొత్తం నలుపుతో నింపి, నీడ బొమ్మలో నలుపు తెలుపులను తారుమారు చేసి దానికి మాస్క్‌గా పెడితే, లెక్కలో వచ్చేది అచ్చంగా అదే ఫలితం. ఏ రంగు పేజీ మీద పెట్టినా కూర్చుంటుంది.

పంపేముందు ఒక్క పరీక్ష. వెనక తెలుపు వేసి, అన్నిటికన్నా పైన Levels పెట్టి, నలుపు కొసను 240కి జరిపాను. కంటికి తెల్లగా కనబడే 252, 253 లాంటివన్నీ అప్పుడు బూడిదగా బయటపడతాయి. కుడివైపు కింద మూలలో నీడ సాగుతూ ఫోటో అంచు దగ్గర టక్కున తెగింది. అచ్చులో అది పెట్టె గీతలా కనబడేది. మెత్తటి బ్రష్‌తో అక్కడ నీడను పలచగా ముగించాను.

సాయంత్రం ఆరింటికి ఆవిడకు పేజీ పంపాను. కాసేపటికి ఫోన్ చేశారు. "కుడిపక్క రెండు పీచులు పొడుగ్గా వచ్చాయి, అవి ఉంచేశావు కదూ?" అన్నారు. ఉంచానండీ, అన్నాను. ఉండనీ, అన్నారు.

రేపు దూది వత్తుల కట్ట ఉంది. తెల్లటి దూది, రంగు లేని కాగితం, రంగు లేని నీడ. ఎరుపులోంచి నీలం తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు. కెమెరా కదపకుండా రెండు ఫోటోలు కావాలని కుర్రాడికి చెప్పాను, మాస్క్ కోసం వత్తుల కింద నీలం కాగితం జరిపి ఒకటి, నీడ కోసం బూడిద కాగితంతో ఒకటి. జరిపేటప్పుడు కట్ట కదలకూడదని రెండుసార్లు చెప్పాను. దూదికి కాస్త నీలం అంటుతుంది, అయినా దూదికి సొంత రంగు లేదు కాబట్టి ఆ నీలాన్ని మొత్తం తీసేయొచ్చు. పొద్దున తొమ్మిదికి తీస్తానన్నాడు.