98 దగ్గర ఆగిపోయిన నీళ్లు: మూడో ఆదివారం

మూడు వారాలుగా థర్మామీటర్‌ని తిట్టాను. తప్పు దానిది కాదని నిన్న తేలింది.

గాలి పీడనాన్ని బట్టి నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరగాలో చెప్పే లెక్క మామూలుదే. తెలిసిన బిందువు 1013.25 హెక్టోపాస్కల్స్ దగ్గర 100 డిగ్రీలు, బాష్పీభవన ఎంథాల్పీ ΔH, అంటే నీళ్లు ఆవిరవడానికి పట్టే వేడి, మోల్‌కి 40.66 కిలోజౌల్స్. R వాయు స్థిరాంకం, T కెల్విన్‌లలో.

```
1/T = 1/T0 - (R/ΔH) * ln(P/P0)
```

ఫోన్‌లో వాతావరణం యాప్ పీడనం 1008 అంది. వేసి చూస్తే 99.85 వచ్చింది. స్టవ్ మీద నీళ్లు మాత్రం తెర్లుతూనే 98.1 దగ్గర నిలబడ్డాయి. మంట పెంచితే ఆవిరి పెరిగింది, అంకె కదల్లేదు.

ముందు బోరు నీళ్ల మీద పడ్డాను. కానీ ఉప్పు మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, తగ్గించదు. పైగా లీటరుకు అర గ్రాము లవణాలుంటే తేడా నూరో వంతు డిగ్రీనే. ప్రోబ్ గిన్నె అడుగుకి తగులుతోందేమో అనుకున్నా. అలా తగిలినా అంకె ఎక్కువే చూపాలి. రెండో ఆదివారం విసుగొచ్చి రీడింగ్‌కి 1.7 కలిపేశాను. ఆ తర్వాత మంచు ముక్కల నీళ్లలో పెడితే 1.8 చూపించింది! కలిపింది తీసేస్తే 0.1. అంటే అది మొదటి నుంచీ నిజమే చెబుతోంది.

మా అమ్మ "ఎన్ని నీళ్లు మరిగిస్తావురా, గ్యాస్ అయిపోతుంది" అంటుండగా ఫోన్‌లోని బారోమీటర్ సెన్సర్ తెరిచాను. 948. యాప్ చెప్పే 1008 సముద్రమట్టానికి దించి సరిచేసిన అంకె. ఊళ్ల మధ్య పీడనాలు పోల్చడానికి అలా ఇస్తారు. మన హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తు, గిన్నె మీద పడే గాలి బరువు 948 మాత్రమే. మళ్లీ వేశాను:

```
ln(948/1013.25) = -0.0666
1/T = 0.00267989 + 0.00001361
T = 371.26 K
```

98.1 డిగ్రీలు. నా ఆదివారాలు వృథా అయింది ఈ 60 హెక్టోపాస్కల్స్ తేడా వల్లే. వంద డిగ్రీల దగ్గర పీడనం డిగ్రీకి సుమారు 36 చొప్పున మారుతుంది కాబట్టి 1.7 తేడా రావాల్సిందే.

ఇదే సూత్రంతో 30 డిగ్రీల దగ్గర నీటి బాష్పపీడనం కూడా లెక్కేశాను. 49 వచ్చింది, పట్టికలో 42.5. అంత దూరం వెళ్తే ఎంథాల్పీ మారిపోతుంది, 25 డిగ్రీల దగ్గర అది 44. రెండు కొసల సగటు 42.2 వేస్తే 43.8కి దిగింది. మరిగే నీళ్ల పనికి ఈ గొడవ లేదు, మనం కదిలేది రెండు డిగ్రీలే.

DS18B20 ఉష్ణోగ్రత సెన్సర్ కొనమని ఓ మిత్రుడు అన్నాడు. నాకైతే నచ్చదు, దాని అర డిగ్రీ హామీ 85 వరకే. నాకు కావలసింది ఆ పైనే.

డిసెంబర్‌లో ఊటీ వెళ్తున్నాం. అక్కడ పీడనం 780 ఉంటే 92.7 దగ్గర మరగాలి. చిన్న స్టవ్ పట్టుకెళ్తా, పీడనం మాత్రం ఫోన్ సెన్సర్‌లోనే చూస్తా.