గుడి గంట మీద 1809: రిజిస్టరులో వయసు సరిచేయించడానికి నేను పడ్డ పాట్లు

కాకినాడ వైపు సముద్రం దగ్గరున్న మా ఊరి గుడిలో ఒక కంచు గంట ఉంది. దాని వయసు తప్పుగా రాసుకుపోతే, దాన్ని దిద్దించే పని ఈ వారమే ఒక కొలిక్కి వచ్చింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

దించడం, తూచడం, ఫొటోలు తీయడం ఒక్క పూటలో అయిపోయాయి. పండగ ముందు ఎవరో చింతపండుతో తోమబోతే ఆపాను. అక్షరాల గాడిలో పట్టిన నల్లటి చిలుమే మనకున్న సాక్ష్యం. అది పోతే పాత చెక్కుడూ కొత్త చెక్కుడూ ఒకేలా మెరుస్తాయి. మెత్తటి పొడి బ్రష్షు, గోరువెచ్చని నీళ్లు, అంతే.

కర్ర సుత్తితో కొట్టి చూశాం. మోత చాలాసేపు నిలిచింది, జీర లేదు. అంటే పగులు లేదు, లోహం మంచి కంచు: రాగి ఇంచుమించు నాలుగు పాళ్లు, తగరం ఒక పాలు. అంచు లోపలివైపు చిన్న గీత గీస్తే పాలిపోయిన పసుపు కనబడింది. ఇత్తడైతే నిగనిగలాడే పసుపు వస్తుంది, మోత కూడా త్వరగా చచ్చిపోతుంది. కానీ మోత విని వయసు చెప్తామనే వాళ్లను నమ్మకండి. నిన్న పోసిన మంచి కంచు గంట కూడా అలాగే మోగుతుంది.

అసలు గొడవంతా రాత దగ్గరే. నడుం మీద "౧౮౦౯ సర్వజితు సం॥ వైశాఖ" అని చెక్కి, కింద దాత పేరు ఉంది. శకం ఏదో రాయలేదు. ఒక ఆఫీసులో దాన్ని క్రీస్తు శకం 1809 అని ఎక్కించారు. కమిటీ వాళ్లు సంతోషంగా బోర్డు కూడా రాయించారు.

పక్కనే సంవత్సరం పేరుండగా ఈ తప్పు జరగకూడదు. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కలో సంవత్సరం వరస (సున్నా మిగిలితే అక్షయ). 1809కి 12 కలిపితే 1821, శేషం 21. ఇరవై ఒకటోది సర్వజిత్తే. శకానికి 78 కలిపితే 1887 వైశాఖం. అదే క్రీస్తు శకం 1809 అనుకుంటే శకం 1731 అవుతుంది, శేషం 3, అది శుక్ల. సర్వజిత్తు కాదు.

ఈ లెక్క కాగితం మీద వేసి తీసుకెళ్తే, సీట్లో ఉన్నాయన చదవనైనా చదవలేదు. "ఏదైనా నూరేళ్లు దాటిందిగా, తేడా ఏముంది?" అన్నాడు. క్యూలో వాళ్లు నవ్వారు. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటితే పురావస్తువే, నిజమే. అందుకని 78 ఏళ్ల తప్పు రిజిస్టరులో ఉండిపోవచ్చా? దాత మనవలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. 1809లో ఆ దాత పుట్టనే లేదు. నా మాట: ఇలాంటి చోట నోటితో వాదించకండి. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ముద్రే చివరికి పని చేసింది.

ఇక 1887 కూడా గంట వయసు కాదు. పోత పోసినప్పుడే వచ్చిన అక్షరాలు ఉబ్బెత్తుగా, మూలలు కాస్త మొద్దుగా ఉంటాయి. అవి గంటతో పాటు పుట్టినవి. చెక్కినవి ఎప్పుడైనా చెక్కొచ్చు. మా గంట మీదివి చెక్కినవే. టార్చి పక్కవాటుగా పట్టి చూస్తే, ఆ రాత కింద నడుం చుట్టూ ఆకురాయితో అరగదీసిన పట్టీ కనబడింది. పలచటి కాగితం పరిచి పెన్సిల్ రుద్దితే ఇంగ్లీషు అక్షరాల తోకలు తేలాయి. ఓడ గంటల మీద ఓడ పేరు, చాలాసార్లు సంవత్సరంతో సహా, ఉండే చోటు అదే.

గంట నాలుక తగిలే చోటు కూడా అదే చెప్తోంది. గుడి గంటను ఎవరికి తోచిన వైపు నుంచి వాళ్లు లాగుతారు కాబట్టి అంచు లోపల చుట్టూ అరుగుతుంది. ఇక్కడ ఎదురెదురుగా రెండే లోతైన గుంటలు, మిగతా అంచంతా పైపై అరుగుదల. ఏళ్ల తరబడి ఒకే దిశలో తాడు లాగి మోగించాక గుడికి వచ్చిందన్నమాట. ఓడ పేరు మాత్రం చదవడానికి మిగల్లేదు కాబట్టి అంతకు ముందుకు వెళ్లలేం.

ఒక జాగ్రత్త: బజారులో పెద్ద ఓడల పేర్లు, సంవత్సరాలు వేసి అమ్మే ఇత్తడి గంటలు ఎక్కువగా కొత్తవి. ఇసుక అచ్చు జోడు గీత, ఒళ్లంతా ఒకే రంగు పూసిన పాతదనం, వేలాడదీసే చెవిలో అరుగుదలే లేకపోవడం చూస్తే తెలిసిపోతుంది.

రిజిస్టరులో ఇప్పుడు "శక 1809 సర్వజిత్తు, క్రీ.శ. 1887లో సమర్పణ; గంట అంతకు ముందుది, ఓడ గంట కావచ్చు" అని ఉంది. గుడి బోర్డు మీద 1809 అలాగే ఉంది. కమిటీకి కూడా కాగితం ఇచ్చాను, అందినట్టు సంతకంతో.